అడుగున స్టిక్కర్ ఫోటో ఒక్కటే ఉంది, బ్యాటరీ ఏది కొనాలి?

ప్రశ్న: ఊళ్ళో నాన్నగారి డెల్ లాప్‌టాప్ చార్జర్ పీకగానే ఆఫ్ అయిపోతోంది. తమ్ముడు అడుగున ఉన్న స్టిక్కర్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. Inspiron 15 అని, P63F అని, 19.5V అని ఉంది. సర్వీస్ ట్యాగ్‌లో రెండు అక్షరాలు 8 లా ఉన్నాయో B లా ఉన్నాయో తెలియట్లేదు. దీన్నిబట్టి అసలు మోడల్, లోపలి వివరాలు, సరిపోయే బ్యాటరీ కనుక్కోవచ్చా? నేను బెంగళూరులో ఉన్నాను, ఇక్కడే కొని పంపాలి.

సమాధానం:

కనుక్కోవచ్చండి. అయితే ఆ స్టిక్కర్ మీద మీ కంటికి ముందు పడిన మూడూ బ్యాటరీ కొనడానికి పనికొచ్చేవి కావు. మసకగా ఉందంటున్నారే, పనికొచ్చేది అదే. ఇరవై ఏళ్ళుగా లాప్‌టాప్‌లు విప్పి బిగించడమే నా పని. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కి దిగినంతగా మా ఇంటి మెట్లు కూడా ఎక్కి ఉండను. తప్పు బ్యాటరీ పట్టుకొని వాపసు కోసం అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది P63F లాంటి నెంబరు చూసి కొన్నవాళ్ళే.

P63F అనేది రెగ్యులేటరీ మోడల్. ప్రభుత్వ భద్రతా పరీక్షలు, రేడియో అనుమతుల కోసం ఒక బాడీకి ఇచ్చే పేరది. ఆ బాడీలో కంపెనీ ఏ ప్రాసెసర్ పెట్టింది, ఎంత ర్యామ్ వేసింది అన్నది ఆ నెంబరు చెప్పదు. ఒకే P63F మీద Inspiron 15-3567 వచ్చింది, ఆఫీసుల కోసం అమ్మిన Vostro 15-3568 కూడా వచ్చింది. పోనీ 3567 అని ఖాయం చేసుకున్నా, అందులోనే ఆరో తరం i3-6006U తో వచ్చినవి ఉన్నాయి, ఏడో తరం i5-7200U తో వచ్చినవి ఉన్నాయి, విడిగా రేడియాన్ గ్రాఫిక్స్ ఉన్నవి ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. అంటే P63F మనకు వీధి పేరు చెప్తుంది, ఇంటి నెంబరు చెప్పదు.

19.5V సంగతి ఇంకా తమాషా. దాని పక్కన Input అని ఉంటుంది, చూడండి. అది చార్జర్ నుంచి లాప్‌టాప్ తీసుకునే వోల్టేజీ. పక్కనే 3.34A అని ఉంటే, 19.5 ను 3.34 తో గుణిస్తే 65 వాట్లు, అంటే 65 వాట్ల చార్జర్. 2.31A అని ఉంటే 45 వాట్లది. బ్యాటరీ వోల్టేజీకీ దీనికీ సంబంధం లేదు. ఈ ఒక్క అంకె చూసి "19.5 వోల్ట్ బ్యాటరీ ఉందా" అని షాపు షాపుకీ తిరిగిన ఒక పెద్దాయన్ని నేనే కూర్చోబెట్టి టీ ఇప్పించాను. అలాంటి బ్యాటరీ ఏ షాపులోనూ దొరకదు.

ఇక మిగిలింది సర్వీస్ ట్యాగ్. ఏడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. ఇది మీ ఒక్క లాప్‌టాప్‌కే ఉండే నెంబరు. దీన్ని డెల్ సపోర్ట్ వెబ్‌సైటులో కొడితే ఆ లాప్‌టాప్ ఫ్యాక్టరీ నుంచి ఏయే భాగాలతో బయటికొచ్చిందో మొత్తం జాబితా వస్తుంది. కాబట్టి ముందు ఆ రెండు అక్షరాల సంగతి తేల్చుకుందాం.

స్టిక్కర్ మీద ట్యాగ్ పక్కనో కిందో ఎక్స్‌ప్రెస్ సర్వీస్ కోడ్ అని పది పదకొండు అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని అసలు పట్టించుకోరు. ఫోన్ చేసినప్పుడు కీప్యాడ్ మీద అక్షరాలు నొక్కడం కష్టం కాబట్టి, సర్వీస్ ట్యాగ్‌నే అంకెల్లోకి మార్చి ఇచ్చిన రూపం అది. మార్చే పద్ధతిలో రహస్యమేమీ లేదు. 0 నుంచి 9 దాకా పది అంకెలు, A నుంచి Z దాకా ఇరవై ఆరు అక్షరాలు కలిపి మొత్తం ముప్పై ఆరు గుర్తులు. మనం మామూలుగా పది గుర్తులతో లెక్క రాస్తాం, ట్యాగ్‌ను ముప్పై ఆరు గుర్తులతో రాస్తారు. A అంటే 10, B అంటే 11, అలా Z అంటే 35. అంటే ట్యాగూ ఎక్స్‌ప్రెస్ కోడూ ఒకే సంఖ్యకు రెండు రాతలు. ఒకటి చెరిగిపోయినా రెండోదాంట్లోంచి మొదటిదాన్ని తిరిగి రాబట్టవచ్చు.

మీ ఫోటోలో అంకెలు బాగానే కనబడుతున్నాయి. మసకగా ఉన్నది ట్యాగ్ ఒక్కటే. మీ అసలు ట్యాగ్‌ను పదిమంది చదివే చోట నేను రాయను. ఇలాంటిదే నేను కల్పించిన ట్యాగ్ ఒకటి తీసుకొని చూపిస్తాను. ఫోటోలో 7X4?(ఇక్కడ B గానీ 8 గానీ), తర్వాతది కూడా అలాగే అనుమానం, చివర K2 అని కనబడుతోంది అనుకోండి. అంటే నాలుగు అవకాశాలు. కింద ఎక్స్‌ప్రెస్ కోడ్ 17240102930 అని శుభ్రంగా ఉంది. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, ఒక ఖాళీ ట్యాబ్‌లో F12 నొక్కి, కన్సోల్ అన్న చోట ఇది టైప్ చేసి ఎంటర్ కొట్టండి:

```js
(17240102930).toString(36).toUpperCase()
```

"7X4B8K2" అని వస్తుంది. నాలుగోది B, ఐదోది 8. ఇంక ఊహించే పని లేదు. నమ్మకం కోసం తిరగేసి కూడా చూసుకోవచ్చు:

```js
parseInt("7X4B8K2", 36)
parseInt("7X48BK2", 36)
```

మొదటిదానికి 17240102930 వస్తుంది, స్టిక్కర్ మీది అంకెతో సరిపోయింది. రెండోదానికి 17239966850 వస్తుంది, సరిపోలేదు. తేడా చిన్నదేమీ కాదు. ఎడమ నుంచి నాలుగో స్థానంలో B బదులు 8 పడితే చాలు, సంఖ్య 139968 తగ్గిపోతుంది. ఎక్స్‌ప్రెస్ కోడ్‌లో చివరి అంకె ఒక్కటి చెదిరినా ట్యాగ్‌లో చివరి అక్షరాలకే దెబ్బ, మొదటివి అలాగే నిలబడతాయి. కాబట్టి రెండూ సగం సగం చెరిగినా ఒకదానితో ఒకటి సరిచూసుకుంటూ పూర్తి ట్యాగ్ పట్టుకోవచ్చు. అంకెల్ని కన్సోల్‌లో కొట్టేటప్పుడు మధ్యలో ఖాళీలు, గీతలు తీసేయండి.

ఈ లెక్కల జోలికి వెళ్ళకుండా కుదరాలంటే తమ్ముడిని ఇంకో ఫోటో అడగండి. ఈసారి ఫ్లాష్ వద్దనండి. ఆ స్టిక్కర్ మీద ఫ్లాష్ నేరుగా పడితే మధ్యలో తెల్లటి మచ్చ వస్తుంది, మీ ఫోటోలో అక్షరాలు పోయింది అక్కడే. రెండో ఫోన్‌తో టార్చ్ వేసి పక్కనుంచి ఏటవాలుగా వెలుగు పడనిస్తే, అరిగిపోయిన ముద్ర కూడా నీడతో కలిసి కనబడుతుంది. జానెడు దూరం నుంచి తీసి, ఫోటోను మామూలుగా కాకుండా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోటోగా పంపితే అది నొక్కి చిన్నది చేసి పంపుతుంది, చిన్న అక్షరాలు అక్కడే పాడవుతాయి. ఇంకో మాట, ట్యాగ్ కనబడే ఫోటోను అందరికీ కనబడే చోట ఉంచకండి. దాంతో లాప్‌టాప్ వివరాలన్నీ తెలుసుకొని "కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం" అంటూ ఫోన్లు చేసే మోసగాళ్ళున్నారు.

ట్యాగ్ దొరికింది కదా, dell.com/support లో కొట్టండి. పైన మోడల్ పేరు వస్తుంది. మీరు చెప్పిన గుర్తుల ప్రకారం మీది Inspiron 15-3567 అయ్యే అవకాశం ఎక్కువ. అయినా నా మాట పక్కన పెట్టి పేజీ ఏం చెప్తే అదే తీసుకోండి. అక్కడ ఉత్పత్తి వివరాల్లోకి వెళ్తే ఆ లాప్‌టాప్ బయటికొచ్చినప్పటి అసలు కాన్ఫిగరేషన్ జాబితాగా ఉంటుంది. అది మనుషుల కోసం కాక గోదాము కోసం రాసిన జాబితాలా ఉంటుంది, చూసి కంగారుపడకండి. బ్యాటరీ వరసలో BTRY,PRI,40WHR,4C,LITH,SMP లాంటి పొట్టి రాత కనబడుతుంది. BTRY బ్యాటరీ, PRI అంటే ప్రధానమైనది, 40WHR అంటే 40 వాట్-అవర్లు, 4C అంటే నాలుగు సెల్స్, LITH లిథియం. చివరిది సెల్స్‌ను ప్యాక్‌గా కట్టిన కంపెనీ, SMP అంటే సింప్లో అనే తైవాన్ సంస్థ. అదే బ్యాటరీని డెల్ కోసం ఇంకో కంపెనీ కూడా చేసి ఉండొచ్చు. అప్పుడు చివరి మూడక్షరాలు, పార్ట్ నెంబరు వేరుగా ఉంటాయి, బ్యాటరీ మాత్రం అదే. ఆ వరసలో మనం పట్టుకోవాల్సింది 40 వాట్-అవర్లు, నాలుగు సెల్స్ అన్న రెండే.

3567 లో ఈ 40 వాట్-అవర్ల, 14.8 వోల్టుల బ్యాటరీకి బజార్లో నడిచే పేరు M5Y1K. Inspiron 3558, 5558 లాంటి పాత మోడల్స్‌కి కూడా ఇదే. అందుకే ఇది ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతుంది. మీ అదృష్టం కొద్దీ ఇది బయటి బ్యాటరీ. అడుగున లాచ్ జరిపితే స్క్రూడ్రైవర్ లేకుండానే చేతికొస్తుంది. మీ నాన్నగారైనా మార్చగలరు.

ఇక్కడే ఆగి ఆర్డర్ పెట్టేయకండి. సర్వీస్ ట్యాగ్ చెప్పేది లాప్‌టాప్ పుట్టినప్పటి జాతకం. ఆ తర్వాత దానికి ఏమేం జరిగిందో అది చెప్పదు. ఎవరైనా ర్యామ్ పెంచి ఉండొచ్చు, డిస్క్ మార్చి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ సరుకైతే ఇంకా చిక్కు. విరిగిన అడుగు కవర్ తీసేసి వేరే లాప్‌టాప్ కవర్ బిగిస్తారు, స్టిక్కర్ కవర్‌తో పాటే వచ్చేస్తుంది. అప్పుడు మీరు చూస్తున్న ట్యాగ్ మీ లాప్‌టాప్‌ది కానే కాదు.

నాకూ ఒకసారి అలాంటి దెబ్బే తగిలింది. ఒక కుర్రాడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న Latitude 5490 ఫోటో పంపాడు. ట్యాగ్ కొట్టి చూస్తే మూడు సెల్స్, 51 వాట్-అవర్లు అని ఉంది. అది 11.4 వోల్టులది, 93FTF. నేను దాన్నే తెప్పించాను. తీరా విప్పి చూస్తే లోపల ఉన్నది 68 వాట్-అవర్లది, GJKNX, 7.6 వోల్టులు, సైజు కూడా వేరు. ఆ సిరీస్‌లో రెండు రకాలూ వచ్చాయి, అమ్మినవాళ్ళు కవర్లు కలిపేశారు. కొరియర్ ఖర్చు నాదే. అప్పట్నుంచి ఫోటోలో ఉన్న ట్యాగ్‌ను లాప్‌టాప్ లోపలి ట్యాగ్‌తో సరిచూడకుండా నేను రూపాయి ఖర్చుపెట్టను.

సరిచూడటం తేలికే. చార్జర్ పెట్టి లాప్‌టాప్ ఆన్ చేయించి, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి పవర్‌షెల్ తెరిచి ఇది కొట్టమనండి:

```powershell
(Get-CimInstance Win32_BIOS).SerialNumber
```

వచ్చిన ఏడక్షరాలు స్టిక్కర్ మీది ట్యాగ్‌తో సరిపోతే కవర్ అదే లాప్‌టాప్‌ది. సరిపోకపోతే ఈ కమాండ్ చూపించినదాన్నే వెబ్‌సైటులో కొట్టండి, స్టిక్కర్‌ను మర్చిపోండి. ఖాళీగా వస్తే ఎప్పుడో మదర్‌బోర్డ్ మార్చి ట్యాగ్ ఎక్కించకుండా వదిలేశారన్నమాట. అప్పుడు మోడల్ కోసం స్టిక్కర్ మీదే ఆధారపడాలి, ప్రాసెసర్, ర్యామ్ మాత్రం విండోస్ సెట్టింగ్స్‌లో చూసుకోవాలి.

అదే విండోలో ఇంకో కమాండ్:

```powershell
powercfg /batteryreport
```

ఇది ఒక ఫైల్ తయారుచేసి, అది ఎక్కడుందో కింద చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే మొదట్లోనే బ్యాటరీ పేరు ఉంటుంది. డెల్‌లో సాధారణంగా DELL అన్న మాట తర్వాత వచ్చే మొదటి ఐదు అక్షరాలే బ్యాటరీ పార్ట్ నెంబరు. అక్కడ M5Y1K అని కనబడితే సగం పని అయిపోయినట్టే. దాని కింద DESIGN CAPACITY, FULL CHARGE CAPACITY అని రెండు అంకెలుంటాయి. మొదటిది కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యం, మీదాంట్లో 40,000 mWh దగ్గర్లో ఉండాలి. రెండోది ఇప్పుడు నిండుగా చార్జ్ చేస్తే పట్టేది. అది 9,000 అని చూపిస్తే నాలుగో వంతు కూడా మిగల్లేదు, మార్చడం సబబే. 30,000 పైన చూపిస్తే మాత్రం ఆగండి, తప్పు బ్యాటరీది కాకపోవచ్చు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, డెల్ చార్జర్ పిన్ను మధ్యలో సూదిలాంటి సన్నటి తీగ ఉంటుంది. కరెంటు వచ్చేది దాని నుంచి కాదు. "నేను డెల్ చార్జర్‌ని, 65 వాట్లదాన్ని" అని లాప్‌టాప్‌కి చెప్పుకునే తీగ అది. అది వంగినా, కేబుల్ లోపల తెగినా లాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీని చార్జ్ చేయదు. నెల రోజులకు బ్యాటరీ పూర్తిగా ఖాళీ అవుతుంది, ప్లగ్ తీయగానే ఆఫ్. లక్షణాలన్నీ అచ్చం పోయిన బ్యాటరీవే. ఇలాంటప్పుడు ఆన్ చేయగానే The AC power adapter wattage and type cannot be determined అని నల్లటి తెర మీద ఒక సందేశం వస్తుంది. నాన్నగారు ఏదో కీ నొక్కి దాటేస్తూ ఉంటారు, మీకు చెప్పి ఉండరు. అడగండి. ఆన్ చేసేటప్పుడు F2 నొక్కితే వచ్చే బయాస్ తెరలో కూడా చార్జర్ రకం చూపిస్తుంది. అక్కడ 65W అనో 45W అనో కాకుండా ఇంకేదైనా ఉంటే ముందు వేరే డెల్ చార్జర్ పెట్టి చూడాలి. F12 నొక్కి డయాగ్నస్టిక్స్ నడిపిస్తే బ్యాటరీ ఆరోగ్యం కూడా విడిగా చెప్తుంది. కొత్త బ్యాటరీ కొన్నాక కూడా చార్జ్ కావట్లేదని నా దగ్గరికి వచ్చినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళకు కావాల్సింది చార్జరే.

బ్యాటరీదే తప్పని తేలాక, తమ్ముడిని ఇంకొక్క ఫోటో అడగండి. అసలు చివరి మాట చెప్పేది ఇదే. లాప్‌టాప్ ఆఫ్ చేసి, చార్జర్ తీసి, లాచ్ జరిపి బ్యాటరీ బయటికి తీసి దాని మీది స్టిక్కర్ ఫోటో తీయాలి. బ్యాటరీ ఉబ్బి గూట్లో బిగుసుకుపోయి ఉంటే గట్టిగా పీకొద్దనండి, మొనదేలిన వస్తువుతో అసలు ఎత్తొద్దు. దగ్గర్లో రిపేరు చేసేవాళ్ళకి చూపించడం మేలు.

ఆ స్టిక్కర్ మీద Type M5Y1K అనీ, 14.8V అనీ, 40Wh అనీ ఉండాలి. బార్‌కోడ్ దగ్గర CN-0M5Y1K తో మొదలయ్యే పొడుగాటి వరస ఒకటి ఉంటుంది. CN అంటే చైనాలో తయారైంది. తర్వాతి 0 డెల్ పార్ట్ నెంబర్ల ముందు అలవాటుగా పెట్టే సున్నా, మిగిలిన ఐదూ అసలు నెంబరు. ఆ తర్వాత తయారుచేసిన కంపెనీ కోడ్, దాని తర్వాత మూడక్షరాల ముక్క. ఉదాహరణకు 7AG అని ఉందనుకోండి. 7 అంటే 2017, A అంటే పదో నెల, G అంటే పదహారో తేదీ. నెలలు తొమ్మిది దాకా అంకెలు, ఆపైన A, B, C. రోజులకు కూడా తొమ్మిది దాటాక A నుంచి లెక్క, A పది, G పదహారు. ఈ ముక్క చదవడం వస్తే రెండు లాభాలు. మీ పాత బ్యాటరీ లాప్‌టాప్‌తో పుట్టిందా, మధ్యలో మార్చిందా అన్నది తెలుస్తుంది. కొత్తది ఒరిజినల్ అని అమ్మేవాడు చూపించే డబ్బాలో ఐదారేళ్ళుగా గోదాములో మగ్గిన సరుకు ఉంటే అదీ తెలుస్తుంది. లిథియం సెల్ వాడకపోయినా ముసలిదవుతుంది. పాత తేదీ ఉన్న ఒరిజినల్ కన్నా కొత్త తేదీ ఉన్న మంచి డూప్లికేట్ చాలాసార్లు ఎక్కువ రోజులు పనిచేయడం చూశాను. ఒరిజినల్ అనే మాటకున్న మోజు నాకైతే లేదు.

కొనేటప్పుడు పార్ట్ నెంబరు, వోల్టేజీ, వాట్-అవర్లు మూడూ చూడాలి. వోల్టేజీ దగ్గర ఒక చిన్న మినహాయింపు ఉంది. మీ పాతదాని మీద 14.8 ఉండి, అమ్మేది 14.4 అని ఉంటే పర్వాలేదు. రెండూ వరసగా కలిపిన నాలుగు సెల్సే. ఒక్కో సెల్‌ను ఒకరు 3.7 వోల్టులుగా, ఇంకొకరు 3.6 గా లెక్కేశారంతే. 11.1 అని ఉంటే మాత్రం అది మూడు సెల్స్ వరస. పెట్టె ఒకేలా ఉన్నా వద్దు.

సామర్థ్యం దగ్గరే మోసం ఎక్కువ. అమ్మేవాళ్ళు mAh లో చెప్తారు, స్టిక్కర్ మీద Wh లో ఉంటుంది. వోల్టేజీతో గుణిస్తే రెండూ కలుస్తాయి. 14.8 వోల్టుల దగ్గర 40 వాట్-అవర్లు అంటే 2700 mAh. బజార్లో ఎక్కువగా కనబడేది 2200 mAh. అంటే 32.6 వాట్-అవర్లు, ఒరిజినల్ కన్నా ఐదో వంతు తక్కువ. ధర తగ్గితే అది తీసుకోవడంలో తప్పులేదు, లాప్‌టాప్‌కి ఏమీ కాదు, బ్యాకప్ మాత్రం తగ్గుతుంది. అదే సైజు పెట్టెలో 5200 mAh అని రాసి ఉంటే నమ్మకండి. లోపల ఉండేది నాలుగు గుండ్రటి సెల్స్, బొటనవేలంత లావు. అవి వరసగా కలిపి ఉంటాయి కాబట్టి మొత్తం mAh ఒక్క సెల్ mAh ఎంతో అంతే. ఆ సైజు సెల్స్‌లో ఖరీదైన రకాలే సుమారు 3500 దగ్గర ఆగుతాయి. 5200 రాసినవాడు స్టిక్కర్ ముద్రణకు మాత్రమే డబ్బు పెట్టాడు.

ఆన్‌లైన్‌లో "3567 కి సరిపోతుంది" అని ఒక్క మోడల్ పేరు మాత్రమే రాసిన చోట కొనకండి. పార్ట్ నెంబరు రాసి, స్టిక్కర్ ఫోటో దగ్గరగా చూపించేవాళ్ళ దగ్గర కొనండి. షాపులో అయితే తమ్ముడు పంపిన బ్యాటరీ ఫోటో ఫోన్‌లో పెట్టుకొని, కొత్తదాన్ని పక్కన పట్టుకొని కనెక్టర్ గాట్లు ఎక్కడున్నాయో, లాచ్ పడే గుంట ఎటువైపుందో పోల్చి చూడండి. బెంగళూరు నుంచి కొరియర్‌లో పంపేటట్టయితే లిథియం బ్యాటరీ అని ముందే చెప్పండి. కొందరు తీసుకోరు, కొందరు రోడ్డు మీదే పంపుతారు. దానికన్నా అమ్మేవాళ్ళ నుంచే నేరుగా ఊరి అడ్రస్‌కి వేయించడం సుఖం.

బ్యాటరీ చేరి, పెట్టి, ఒకసారి నిండా చార్జ్ అయ్యాక మళ్ళీ powercfg /batteryreport నడిపించమనండి. FULL CHARGE CAPACITY పక్కనున్న డిజైన్ అంకెకు దగ్గరగా రావాలి. డిజైన్ అంకె 40,000 అని చూపిస్తూ నిండిన అంకె 25,000 దగ్గరే ఆగిపోతే అవి వాడేసిన సెల్స్, వాపసు గడువులోనే తిప్పి పంపండి. ఆన్ చేయగానే బ్యాటరీని గుర్తించలేకపోతున్నానని సందేశం వస్తే దాని లోపలి బోర్డు డెల్‌తో మాట్లాడలేకపోతోందని అర్థం, దాన్నీ వెనక్కి పంపడమే. పంపే ముందు ఒకసారి తీసి పెట్టి చూడండి. బయాస్ అప్‌డేట్ చేస్తే సర్దుకుంటుందని అమ్మినవాడు చెప్తే మాత్రం వినకండి. నాన్నగారితో ఫోన్‌లో బయాస్ అప్‌డేట్ చేయించడం, అదీ ప్లగ్ తీస్తే ఆఫ్ అయ్యే లాప్‌టాప్‌లో, నేను చేయను.

అడగలేదు గానీ ఒకటి చెప్తాను. ట్యాగ్ జాబితాలో i3-6006U, 4 జీబీ ర్యామ్, 1 టెరాబైట్ హార్డ్ డిస్క్ అని వస్తే, బ్యాటరీ ఒక్కటే మార్చి మళ్ళీ అదే నెమ్మదిగా నడిచే లాప్‌టాప్‌ను ఆయన చేతికిస్తున్నట్టు. అందులో ర్యామ్ స్లాట్లు రెండు, డీడీఆర్4. హార్డ్ డిస్క్ తీసి అదే గూట్లో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టొచ్చు. పైగా ఆరో తరం ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు, విండోస్ 10 కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తో ముగిసింది. నాన్నగారు దాంట్లో బ్యాంకు పనులు చూసుకుంటుంటే బ్యాటరీ ఆర్డర్ పెట్టే ముందు ఆ సంగతి కూడా తేల్చుకోండి. పాటలు, యూట్యూబ్ వరకే అయితే బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ రెండూ పెట్టించేయండి.

బ్యాటరీ స్టిక్కర్ ఫోటో వచ్చాక పంపండి. వోల్టేజీ, పార్ట్ నెంబరు చూసి చెప్తాను.